కద్దిష్‌లో చావు మాట ఎందుకు లేదు, ఎవరు చదవాలి, ఎన్నాళ్ళు?

ప్రశ్న: "మా మేనేజరు యూదుడు. వాళ్ళ నాన్నగారు పోయారు. ఖననం తర్వాత ఏడు రోజులు ఇంట్లోనే దుఃఖం పాటించడాన్ని షివా అంటారట, ఇక్కడ న్యూజెర్సీలో వాళ్ళింటికి దానికి వెళ్ళాం. సాయంత్రం పదిమంది చేరాక ఆయన లేచి నిలబడి కద్దిష్ చదివారు. చేతికిచ్చిన పుస్తకంలో అర్థం చూస్తే చావు మాటే లేదు, పోయినాయన పేరూ లేదు, అంతా దేవుడి స్తుతే. మన తద్దినంలో పేరూ గోత్రమూ చెప్పకుండా ఏదీ నడవదు కదా. ఇదెందుకు ఇలా ఉంది? ఎవరెవరు చదవాలి? ఎన్నాళ్ళు చదువుతారు?"

కద్దిష్ చావు కోసం పుట్టిన ప్రార్థన కాదు. అది ముందు పాఠశాలలో పుట్టింది. మతగురువైన రబ్బీ ధర్మోపన్యాసం ముగించాక, విన్నవాళ్ళంతా కలిసి దేవుడి నామాన్ని కీర్తించి లేచేవాళ్ళు. అందుకే అది హీబ్రూలో కాక, ఆ కాలంలో మామూలు జనం మాట్లాడుకున్న అరామిక్ భాషలో ఉంది. చివరి వాక్యం మాత్రం హీబ్రూ. తర్వాత అది యూదుల ప్రార్థన మందిరమైన సినగాగ్‌లో జరిగే ప్రార్థనలో ఒక భాగం ముగిసి ఇంకో భాగం మొదలయ్యే చోట్లలోకి చేరింది. తల్లిదండ్రులు పోయినవాళ్ళు చదివే కద్దిష్‌గా అది స్థిరపడింది 12, 13 శతాబ్దాల్లో, రైన్ నది ఒడ్డున ఉన్న జర్మనీ యూదుల మధ్య. అప్పటికే ఆ మాటలకి వందల ఏళ్ళ వయసు. దుఃఖితుల కోసం పాత ప్రార్థనలో ఒక్క మాట కూడా మార్చలేదు.

అయితే "పాత ప్రార్థనని వాడుకున్నారు కాబట్టి చావు మాట లేదు" అంటే సగం జవాబే. వాళ్ళ దగ్గర చావు గురించిన ప్రార్థనలు లేకపోలేదు, అవి పక్కనే ఉండగా దీన్ని ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే ముందు అందులో ఏముందో చూడాలి.

మొదటి మాటలు "యిత్‌గదల్ వెయిత్‌కదష్ ష్మే రబ్బా". ఆయన మహానామం ఘనత పొందాలి, పవిత్రమై నిలవాలి అని అర్థం. యెహెజ్కేలు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు "నేను ఘనత పొందుతాను, నా పవిత్రతను చూపుతాను" అన్న వాక్యానికి ఇది ప్రతిధ్వని. తన ఇష్టప్రకారం సృష్టించిన ఈ లోకంలో ఆయన తన రాజ్యాన్ని నిలపాలి, అదీ మన జీవితకాలంలోనే, త్వరగా, అని తర్వాతి మాట. వెంటనే విన్నవాళ్ళంతా గొంతెత్తి జవాబిస్తారు: "యెహే ష్మే రబ్బా మెవారఖ్ లెఆలమ్ ఉల్‌ఆల్మే ఆల్మయా", ఆయన మహానామం యుగయుగాలకూ స్తుతి పొందుగాక. ఆ తర్వాత స్తుతించబడాలి, కొనియాడబడాలి, ఉన్నతం కావాలి అంటూ వరసగా ఎనిమిది క్రియలు. అవన్నీ అయ్యాక, ఈ లోకంలో పలికే ఏ దీవెనకీ, పాటకీ, స్తుతికీ, ఓదార్పుకీ ఆయన అందనంత పైన ఉన్నాడని ఒక మాట. కద్దిష్ మొత్తంలో దుఃఖం నీడ తగిలేది ఆ "ఓదార్పు" దగ్గరే. చివర ఆకాశం నుంచి శాంతి రావాలని రెండు వాక్యాలు.

ఇందులో ఒక సంగతి గమనించండి. చదివేవాడు దేవుడితో నేరుగా మాట్లాడడు. "నువ్వు" అన్న పిలుపే లేదు. అతను చుట్టూ ఉన్నవాళ్ళతో మాట్లాడుతున్నాడు. "ఆమెన్ అనండి" అని వాళ్ళని అడుగుతున్నాడు. కద్దిష్ ప్రాణమంతా ఆ మధ్యలో వచ్చే జవాబులో ఉంది. దాన్ని శక్తికొద్దీ పలికినవాడి మీద ఉన్న తీర్పు చీటీని చింపేస్తారని యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ (షబ్బాత్ 119బి) చెబుతుంది. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు చేస్తున్న పని ఏమిటంటే, పదిమందిని నిలబెట్టి వాళ్ళ చేత ఆ మాట పలికించడం. ఆ పలికించిన పుణ్యం తండ్రి లెక్కలో పడుతుంది. కొడుకు తండ్రికి పుణ్యం తెచ్చిపెట్టగలడని తాల్ముద్‌లోనే (సన్‌హెద్రిన్ 104ఎ) ఉంది.

ఈ నమ్మకాన్ని జనంలో నాటిన కథ ప్రాచీన పండితుడు రబ్బీ అకీవాది. మధ్యయుగపు ప్రార్థన గ్రంథాల్లో అది చాలా రూపాల్లో కనిపిస్తుంది. అకీవాకి దారిలో ఒంటిమీద బట్టలేని, బొగ్గులా నల్లబడిన మనిషి ఎదురవుతాడు, తలమీద మోయలేనన్ని కట్టెలు, గుర్రంలా పరిగెడుతుంటాడు. అతను చనిపోయినవాడు. బతికినప్పుడు పన్నులు వసూలు చేస్తూ ధనికుల్ని వదిలేసి పేదల్ని చావగొట్టాడు. ఇప్పుడు రోజూ తనని కాల్చే కట్టెల్ని తనే మోసుకురావడం అతని శిక్ష. విడుదల లేదా అంటే, నాకొక కొడుకుండి, వాడు జనం మధ్య నిలబడి ప్రార్థన పలికి, వాళ్ళు "యెహే ష్మే రబ్బా" అంటే విడిపిస్తారని విన్నాను, కానీ నేను పోయేటప్పటికి నా భార్య గర్భంతో ఉంది, కొడుకు పుట్టాడో లేదో తెలియదు, పుట్టినా వాడికి నేర్పేవాళ్ళు ఎవరు, అంటాడు. అకీవా ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, పిల్లవాణ్ణి పట్టుకుని, అక్షరాల నుంచి నేర్పించి జనం ముందు నిలబెడతాడు. జనం జవాబిచ్చిన వెంటనే తండ్రి శిక్ష తీరిపోతుంది.

కథలో ఆ పిల్లవాడు తండ్రి పేరు ఎత్తడు. తండ్రిని క్షమించమని కోరడు. తండ్రి ఎలా చచ్చాడో కూడా వాడికి తెలియదు. వాడు చేసిందల్లా దేవుడి నామాన్ని పదిమంది చేత పలికించడం. మీ ప్రశ్నకి అసలు జవాబు నా దృష్టిలో ఇక్కడే ఉంది. పోయినవాళ్ళ తరఫున దేవుడికి పెట్టుకునే మనవి అయితే అందులో పేరు ఉండాలి, చావు ఉండాలి. పోయినవాళ్ళు వదిలివెళ్ళిన బిడ్డ జనంలో నిలబడి చేస్తున్న ఒక పనే వాళ్ళ తరఫు సాక్ష్యం అయితే, వేరే మాటలు అక్కర్లేదు.

రెండో కారణం కూడా ఉంది, ఇది మనసుకి సంబంధించింది. మంచి జరిగినప్పుడు స్తుతించినట్టే చెడు జరిగినప్పుడూ స్తుతించాలని తాల్ముద్‌కి మూలమైన మిష్నా (బెరాఖోత్ 9:5) నియమం. చావు కబురు విన్నవెంటనే యూదులు పలికే మాట "సత్యమైన న్యాయాధిపతికి స్తుతి". దేవుడి మీద అలిగే హక్కు ఎవరికైనా ఉంటే అది ఇప్పుడే శవాన్ని మట్టిచేసి వచ్చినవాడికి ఉంది. సరిగ్గా అతన్నే లేపి, ఈ లోకాన్ని ఆయన తన ఇష్టప్రకారమే సృష్టించాడని పదిమంది ముందు పలకమంటారు. ఇది తేలికైన పని కాదు. మొదటి వారంలో చాలామందికి నోరు పెగలదు. అందుకే మాటలు ముందే రాసి ఉన్నాయి, అందరికీ ఒకేలా. తండ్రిని ప్రేమించినవాడూ, తండ్రితో ఇరవై ఏళ్ళు మాట్లాడనివాడూ అవే మాటలు చదువుతాడు. తనకి లేని భావాన్ని చెప్పమని కద్దిష్ అతన్ని ఇరికించదు.

మూడోది అంతగా ఎవరూ చెప్పనిది, కానీ పాత గ్రంథాల్లో గట్టిగా ఉంది. తాల్ముద్‌లో (బెరాఖోత్ 3ఎ) రబ్బీ యోసే యెరూషలేము శిథిలాల్లోకి ప్రార్థనకి వెళితే, ఏలీయా ప్రవక్త కనిపించి ఒక మాట చెబుతాడు. ఇశ్రాయేలు జనం సినగాగుల్లో చేరి "ఆయన మహానామం స్తుతి పొందుగాక" అన్నప్పుడల్లా, దేవుడు తల ఊపుతూ, తన ఇంట్లో ఇలా కీర్తన అందుకునే రాజు ధన్యుడు, పిల్లల్ని వెళ్ళగొట్టుకున్న తండ్రికి ఎంత కష్టం, తండ్రి బల్ల దగ్గరి నుంచి వెళ్ళిపోయిన పిల్లలకి ఎంత కష్టం అంటాడట. అంటే దేవుడు కూడా దుఃఖంలో ఉన్నాడు, ఆ జవాబు ఆయనకి ఓదార్పు. ఇది చదివాక కద్దిష్ మొదటి వాక్యం వేరుగా వినిపిస్తుంది. నామం ఘనత పొందాలి, రాజ్యం నిలవాలి అని కోరుతున్నాం అంటే అది ఇంకా పూర్తిగా జరగలేదన్నమాట. అది నిండుగా ఉన్న లోకాన్ని పొగడడం కాదు, కొరత ఉన్న లోకంలో నిలబడి నిండాలని కోరడం.

చావు మాట ఉన్న ప్రార్థనలు వేరే ఉన్నాయన్నాను కదా. ఖననం దగ్గర "ఎల్ మాలే రహమీమ్" అనే ప్రార్థన పాడతారు, అందులో పోయినవాళ్ళ పేరు, వాళ్ళ తండ్రి పేరు చెప్పి, ఆత్మకి విశ్రాంతి ఇమ్మని అడుగుతారు. ఏడాదికి నాలుగు పండుగల్లో చేసే "యిజ్‌కోర్"లోనూ పేరు పలుకుతారు. మీరు తద్దినంతో పోల్చి చూడాల్సింది వీటిని. కద్దిష్‌లోనే ఒక పొడవైన రూపం సమాధి దగ్గర చదవడానికి ఉంది. అందులో లోకం కొత్తదై మృతులు తిరిగి లేస్తారని, యెరూషలేము మళ్ళీ కడతారని స్పష్టంగా ఉంటుంది. పలకడం కష్టం కాబట్టి చాలాచోట్ల సమాధి దగ్గర కూడా మామూలు కద్దిష్‌నే చదివేస్తారు. మీకు కలిగిన సందేహం యూదులకీ కలిగింది. 1819లో హాంబర్గ్ సంస్కరణవాదులు తమ ప్రార్థన పుస్తకంలో కద్దిష్ మధ్య పోయినవాళ్ళ ఆత్మశాంతి కోరే ఒక పేరా చేర్చారు. అమెరికా సంస్కరణ సినగాగుల పుస్తకంలోకీ అది వచ్చింది. తర్వాతి పుస్తకాల్లో తీసేశారు. పాత రూపమే నిలిచింది.

ఇక ఎవరు చదవాలి. ధర్మశాస్త్రం ప్రకారం ఏడుగురి కోసం దుఃఖం పాటించాలి: తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్య లేదా భర్త. కద్దిష్ ఆనవాయితీ మాత్రం మొదటి నుంచీ బిడ్డలు తల్లిదండ్రుల కోసం చదివేది. దాని అసలు పేరే "అనాథ కద్దిష్". ఆ పేరు వెనక ఒక ఆచరణ కారణం ఉంది. పెద్దవాడైన కొడుకు సినగాగ్‌లో ప్రార్థన నడిపించేవాడు. నడిపేవాడికి జనం జవాబు మాటిమాటికీ వస్తుంది కాబట్టి అదే తండ్రికి పెద్ద పుణ్యం. పదమూడేళ్ళు నిండని పిల్లవాడు ప్రార్థన నడపకూడదు. వాడికి మిగిలింది ప్రార్థన ముగిశాక చదివే ఈ చిన్న కద్దిష్ ఒక్కటే. 15వ శతాబ్దంలో మైన్జ్ నగరపు రబ్బీ మహారిల్ కూడా, ఇది పిల్లల కోసం, పెద్దవాళ్ళు ప్రార్థన నడపడమే మేలు అని చెప్పారు. ఈనాటికీ సాంప్రదాయిక సినగాగుల్లో మామూలు రోజుల్లో దుఃఖంలో ఉన్నవాణ్ణి ముందుకి పిలిచి ప్రార్థన నడపమంటారు. విశ్రాంతి దినాన, పండుగల్లో పిలవరు. చేతగానివాడికి కద్దిష్ సరిపోతుంది.

కూతుళ్ళ సంగతి చాలాకాలంగా చర్చలో ఉంది. 17వ శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో కొడుకులు లేని ఒకాయన, తను పోయాక పదిమంది తన ఇంట్లో చేరి చదువుకోవాలని, తర్వాత తన కూతురు కద్దిష్ చదవాలని చెప్పి పోయాడు. ఆ సంగతి మీద తీర్పు రాసిన రబ్బీ యాయిర్ బఖరఖ్, దీన్ని కాదనడానికి గట్టి ఆధారం కనబడదని, స్త్రీకీ దేవుని నామాన్ని పవిత్రపరిచే విధి ఉందని ఒప్పుకుని, ఇలా ఎవరికి వారు చేస్తే ఆచారాలు బలహీనపడతాయన్న భయంతో వద్దన్నాడు. 1916లో అమెరికాలో హెన్రియెట్టా సోల్డ్ తల్లి పోయినప్పుడు, కుటుంబ మిత్రుడొకాయన ఆమెకు బదులు తను చదువుతానన్నాడు. ఆమె కృతజ్ఞతలు చెబుతూనే, ఆ బాధ్యత ఇంకొకరికి ఇవ్వలేనని ఉత్తరం రాసింది. తన తల్లిదండ్రులకి ఎనిమిదిమంది కూతుళ్ళు, కొడుకులు లేరు, ఆ లోటు గురించి ఇంట్లో ఎప్పుడూ ఒక్క మాట రాలేదని అందులో ఉంది. ఇప్పుడు సంస్కరణ, కన్సర్వేటివ్ సినగాగుల్లో కూతుళ్ళు కొడుకుల్లాగే చదువుతారు. పాత సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఆర్థడాక్స్‌లో ఊరినిబట్టి ఉంటుంది. కొన్నిచోట్ల ఆడవాళ్ళ వైపు నిలబడి చదువుతారు, కొన్నిచోట్ల అస్సలు ఒప్పుకోరు.

పిల్లలెవరూ లేకపోతే అన్నదమ్ములో, మనవడో, అల్లుడో తీసుకుంటారు. ఎవరూ లేకపోతే డబ్బిచ్చి ఒక విద్యార్థిని నియమిస్తారు. దీన్ని యూదులు తక్కువగా చూడరు, కానీ బిడ్డలు ఉండి పనుల వల్ల కుదరక ఇంకొకరికి అప్పగించడాన్ని మాత్రం చివరి దారిగానే చూస్తారు. తల్లిదండ్రులిద్దరూ బతికున్నవాడు వేరే బంధువు కోసం చదవాలంటే ముందు వాళ్ళ అనుమతి అడగడం జర్మనీ, తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల ఆనవాయితీ.

అందరికీ వర్తించే షరతు పదిమంది. దాన్ని మిన్యాన్ అంటారు. పదమూడు నిండిన పదిమంది యూదులు ఉంటేనే కద్దిష్. ఆర్థడాక్స్‌లో మగవాళ్ళనే లెక్కిస్తారు, మిగతావాళ్ళు ఆడవాళ్ళనీ కలుపుతారు. దేవుడి పవిత్రతను చాటే ఏ మాటైనా జనసమూహం మధ్యే పలకాలని తాల్ముద్ నియమం. దాని ఆచరణ ఫలితం ఏమిటో ఆలోచించండి. తండ్రి పోయినవాడు ఇంట్లో తలుపేసుకుని కూర్చోలేడు. ప్రతిరోజూ తొమ్మిదిమంది ముఖాల్ని చూడాల్సిందే. తొమ్మిదిమందే ఉంటే ఆ పూట కద్దిష్ లేదు, ఒంటరిగా చదివి తర్వాత సర్దుకోవడం కుదరదు, పోయిన పూట పోయినట్టే. 2020లో కరోనా వచ్చినప్పుడు కన్సర్వేటివ్ రబ్బీలు అత్యవసర పరిస్థితిగా వీడియోలో కలిసే మిన్యాన్‌ని అనుమతించారు, ఆర్థడాక్స్ రబ్బీలు ఒప్పుకోలేదు. యూదుల సంఖ్య తగ్గిన ఊళ్ళలో ఈ కష్టం రోజూ ఉంటుంది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌లో ఇప్పుడు యాత్రికులు వస్తే తప్ప పదిమంది కూడరు. మన గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రయీమ్ కుటుంబాలు ఉన్నాయి. తమని యూదులుగా చెప్పుకునే వాళ్ళ సినగాగ్ అక్కడ ఉంది, కానీ ఇజ్రాయెల్ రబ్బీల వ్యవస్థ వాళ్ళని ఇంకా గుర్తించలేదు. అలాంటప్పుడు ఎవరు మిన్యాన్‌లో లెక్కకి వస్తారు అన్నది కాగితం మీద ఉండే ప్రశ్న కాదు.

చదివే పద్ధతి. కద్దిష్ ఎప్పుడూ ఒంటిగా రాదు, ముందు ఒక కీర్తనో, ప్రార్థనో, గ్రంథపాఠమో ఉండాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు ప్రార్థనల్లోనూ చివర "అలేను" అనే ముగింపు ప్రార్థన అయ్యాక చదువుతారు, పొద్దున ఆ రోజుకి నియమించిన కీర్తన తర్వాత ఇంకోసారి. పాదాలు జోడించి యెరూషలేము వైపు తిరిగి నిలబడాలి. చివరి వాక్యం "ఓసే షాలోమ్"కి ముందు మూడడుగులు వెనక్కి వేసి, ఎడమకి, కుడికి, ముందుకి వంగుతూ ముగించాలి, రాజు సమక్షం నుంచి సెలవు తీసుకున్నట్టు.

కొత్తవాళ్ళ దగ్గర తప్పేది ఎక్కువగా ఒకచోటే. కంగారులో జవాబు కోసం ఆగకుండా చదువుకుపోతారు. పది గొంతులు "యెహే ష్మే రబ్బా" అంటుండగానే వీళ్ళు తర్వాతి వాక్యంలో ఉంటారు. దేని కోసం నిలబడ్డారో అదే జారిపోతుంది. జవాబు పూర్తయ్యేవరకూ ఆగి, ఆ వాక్యాన్ని తనూ పలికి, అప్పుడు ముందుకి పోవాలి. రెండో తప్పు చాలామంది ఒకేసారి చదివేటప్పుడు. ఒకప్పుడు అష్కెనాజీల్లో ఒక్కరే చదివేవారు, ఎవరికి హక్కు ముందు అనేదానికి షివాలో ఉన్నవాడు, ముప్ఫై రోజుల్లో ఉన్నవాడు, సంవత్సరీకం ఉన్నవాడు అంటూ నియమాలు ఉండేవి, తగువులూ ఉండేవి. ఇప్పుడు అందరూ కలిసి చదువుతారు, స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ యూదులది మొదటి నుంచీ అదే పద్ధతి. ఒకడు ముందు, ఒకడు వెనక అయితే జనానికి ఎవరికి జవాబివ్వాలో తెలియదు. అలవాటైన వాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ వేగానికి గొంతు కలపడం ఒక్కటే మందు. అరామిక్ రానివాళ్ళకి ఇంగ్లీషు లిపిలో రాసిన కాగితం ఇస్తారు, చూసి చదవడంలో తప్పేమీ లేదు.

ఎన్నాళ్ళు అన్నదానిలోనే లెక్క తప్పుతారు. ఖననానికి ముందు కద్దిష్ లేదు. శవం ఉన్నంతసేపు దగ్గరివాళ్ళు అంత్యక్రియల పని తప్ప ప్రార్థనలేవీ చేయనక్కర్లేదు. ఖననంతో మొదలవుతుంది. భార్య, భర్త, బిడ్డ, తోడబుట్టినవాళ్ళ కోసం ఖననం నుంచి ముప్ఫై రోజులు. తల్లిదండ్రుల కోసం పదకొండు నెలలు, అందులో చాలామంది ఒక రోజు తగ్గిస్తారు. దుఃఖం పాటించేది పన్నెండు నెలలైతే కద్దిష్ పదకొండుకే ఎందుకు ఆగుతుంది? దుష్టుల శిక్ష పరలోకంలో పన్నెండు నెలలని మిష్నాలో (ఎదుయోత్ 2:10) రబ్బీ అకీవా పేరు మీద ఉంది. పన్నెండు నెలలూ చదివితే నా తండ్రి దుష్టుడు అని చాటినట్టు అవుతుంది. అందుకని 16వ శతాబ్దంలో క్రాకోవ్ రబ్బీ మోషే ఇసెర్లెస్ రాసిన వ్యాఖ్యలో పదకొండుకి ఆపే ఆనవాయితీ స్థిరపడింది. సెఫార్దీల్లో కొందరు పదకొండు నెలలకి ఒక వారం ఆపి, మళ్ళీ పన్నెండు నిండేదాకా కొనసాగిస్తారు. తండ్రిని దుష్టుడనకుండా ఉండటానికి ఆ వారం చాలునని వాళ్ళ వాదం.

ఈ నెలలన్నీ యూదుల చాంద్రమాన నెలలు, మన తిథిలాగే. మన అధికమాసంలాగే వాళ్ళకీ పంతొమ్మిదేళ్ళలో ఏడు సార్లు అదార్ నెల రెండుసార్లు వస్తుంది. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఒకాయన 2023 అక్టోబర్ 25 పగలు పోయాడనుకోండి. అది 5784 సంవత్సరం హెష్వాన్ 10. అదే రోజు చీకటి పడ్డాక పోయుంటే హెష్వాన్ 11 అవుతుంది, కాబట్టి ముందు అడగాల్సింది గంట. మర్నాడు ఖననం, ఆ రోజు నుంచి కద్దిష్. 5784లో అదార్ రెండు. కిస్లేవ్ 10కి ఒక నెల, తేవేత్, షెవాత్, మొదటి అదార్, రెండో అదార్, నీసాన్, ఇయ్యార్, సీవాన్, తమ్ముజ్, ఆవ్, ఎలూల్ 10కి పదకొండు. ఒక రోజు తగ్గిస్తే ఎలూల్ 9, అంటే 2024 సెప్టెంబర్ 12. ఆ మధ్యాహ్నం ప్రార్థనతో కద్దిష్ ఆఖరు. పన్నెండు నెలల దుఃఖం తీరేది తిష్రీ 10న, అక్టోబర్ 12. సంవత్సరీకం, దాన్ని యార్‌ట్సైట్ అంటారు, వచ్చేది మాత్రం హెష్వాన్ 10నే, 2024 నవంబర్ 11న. అధికమాసం రావడం వల్ల కద్దిష్ ఆగినచోటు నుంచి సంవత్సరీకానికి రెండు నెలలు ఖాళీ. సంవత్సరీకం నుంచి వెనక్కి ఒక నెల లెక్కేసి కద్దిష్ ఆపేవాళ్ళు ఇలాంటి ఏడాదిలో ఒక నెల ఎక్కువ చదివేస్తారు, తప్పించుకోవాలనుకున్న పన్నెండు నెలలూ నిండిపోతాయి. తప్పు జరిగిందని తెలిసే గుర్తు ఇదే. కొందరు మరణం నుంచి కాక ఖననం నుంచి లెక్కిస్తారు కాబట్టి ఆఖరి రోజుని సినగాగ్ రబ్బీతో రాయించుకోవడం మంచిది. ఆ తర్వాత ప్రతి ఏడూ యార్‌ట్సైట్ నాడు, ముందురోజు సాయంత్రం నుంచి, ఒక్కరోజు కద్దిష్ ఉంటుంది, బతికున్నంతకాలం.

మీ మేనేజరు విషయానికి వస్తే, ఆయన ఆచారం పాటించేవారైతే ఈ పదకొండు నెలలూ రోజుకి మూడు పూటల పదిమంది దొరికేచోట ఉండాలి. పొద్దున ప్రార్థన ఆఫీసుకి ముందే అవుతుంది. చిక్కల్లా మధ్యాహ్నం ప్రార్థనతో, దాన్ని సూర్యాస్తమయం లోపు చేయాలి. మీ న్యూజెర్సీలో డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. ఆ వేళకి మీటింగులు పెట్టకుండా మీరు చూడగలిగితే ఆయనకది పెద్ద సాయం. మళ్ళీ వాళ్ళింటికి వెళితే, అందరూ లేచినప్పుడు లేవండి. "ఆమెన్" అనొచ్చు, అనకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మిన్యాన్‌లో మాత్రం మీరు లెక్కకి రారు, ఎనిమిది తొమ్మిదిమంది ఉన్నప్పుడు తలుపు వైపు చూస్తూ ఎదురుచూస్తుంటే అదే కారణం.